శ్వాసమార్గం ఎక్కడ వాచింది? క్రూప్, ఎపిగ్లాటైటిస్‌లలో శ్వాస శబ్దాలు

గత భాగంలో స్వరపేటిక నిర్మాణాన్ని స్థూలంగా చూశారు. ఈ భాగంలో ఆ నిర్మాణంలోనే రెండు వేర్వేరు చోట్ల వచ్చే వాపు గురించి తెలుసుకుంటారు. స్వరతంత్రులకు కింద వచ్చే వాపును క్రూప్ అంటారు. స్వరతంత్రులకు పైన, ఉపజిహ్విక మీద వచ్చే వాపును ఎపిగ్లాటైటిస్ అంటారు. చిన్నపిల్లల్లో ఈ రెండు చోట్లకూ మధ్య వేలెడు దూరం కూడా ఉండదు. అయినా మొదటిదానిలో చాలామంది పిల్లలు ఒక్క మోతాదు మందుతో తెల్లారేసరికి ఇంటికి వెళ్లిపోతారు. రెండోదానిలో గొంతు చూద్దామని నోట్లో చెంచా పెట్టడమే ప్రాణం మీదికి తేవచ్చు. రెండింటిలోనూ బిడ్డ శబ్దం చేస్తూ ఊపిరి తీస్తుంది కాబట్టి, ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో ఊహించగలగడం మీరు ఇక్కడ నేర్చుకోవలసిన విషయం.

ముందుగా పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. నోరు తెరిస్తే వెనక వేలాడుతూ కనిపించేది కొండనాలుక. ఉపజిహ్విక అది కాదు. ఉపజిహ్విక నాలుక మొదలుకు వెనక, ఇంకా లోపల, తమలపాకు ఆకారంలో నిలబడి ఉండే మృదులాస్థి రేకు. మామూలుగా నోరు తెరిస్తే అది కనిపించదు. మనం మింగినప్పుడల్లా అది వెనక్కి వంగి స్వరపేటిక ద్వారాన్ని కప్పుతుంది. ఆహారం శ్వాసనాళంలోకి పోకుండా పక్కనున్న ఆహారవాహికలోకి జారుతుంది. తెలుగు పుస్తకాల్లోనూ ఈ రెండు పేర్లూ అప్పుడప్పుడు తారుమారవుతుంటాయి, గమనించండి.

4.1 గాలి పీల్చేటప్పుడే శబ్దం ఎందుకు?

ఇరుకైన దారిలో గాలి వేగంగా, సుడులు తిరుగుతూ పోతే అక్కడి గోడలు కంపించి శబ్దం పుడుతుంది. గొంతు దగ్గర అడ్డు ఏర్పడినప్పుడు వచ్చే ఈ శబ్దాన్ని స్ట్రైడర్ అంటారు. ఇది ప్రధానంగా ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు వినిపిస్తుంది. ఆస్తమాలో వినిపించే పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువ. ఈ తేడాకు కారణం పీడనమే. గాలి పీల్చినప్పుడు గొంతులోని శ్వాసమార్గం లోపల పీడనం బయటి పీడనం కన్నా తగ్గుతుంది. కొబ్బరిబోండాంలో మెత్తబడిన కాగితపు గొట్టం వేసి గట్టిగా పీలిస్తే గొట్టం గోడలు ఒకదానికొకటి అతుక్కోవడం మీరు చూసే ఉంటారు. వాచిన గొంతులోనూ జరిగేది అదే. బిడ్డ ఎంత గట్టిగా పీలిస్తే ఆ ఇరుకు అంత ఎక్కువవుతుంది. ఏడ్చే బిడ్డ గట్టిగా, వేగంగా పీలుస్తుంది. బిడ్డను ఏడిపించవద్దని ఈ పాఠంలో పదేపదే చెప్పడం కేవలం దయతో కాదు.

చిన్నపిల్లల్లోనే ఇది ఎందుకు ప్రమాదమో ఒక లెక్కతో చూడండి. ఒక పసిబిడ్డ శ్వాసమార్గం వ్యాసం 4 మిల్లీమీటర్లు అనుకుందాం. లోపలి పొర చుట్టూరా 1 మిల్లీమీటరు వాస్తే మిగిలే వ్యాసం 2 మిల్లీమీటర్లు. గాలి పోయే వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి ప్రశాంతంగా ప్రవహిస్తున్నప్పుడు నిరోధం వ్యాసార్థపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి, వ్యాసార్థం సగమైతే నిరోధం 16 రెట్లవుతుంది. అదే 1 మిల్లీమీటరు వాపు 8 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పెద్ద మార్గంలో వస్తే నిరోధం 3 రెట్లకు కాస్త పైన పెరుగుతుంది, అంతే. తండ్రికి గొంతు బొంగురుపోయి ఊరుకున్న వైరస్సే బిడ్డను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకురావడానికి కారణం ఇదే.

4.2 స్వరతంత్రులకు కింద: క్రూప్

స్వరతంత్రులకు సరిగ్గా దిగువన క్రికాయిడ్ మృదులాస్థి ఉంటుంది. శ్వాసనాళంలోని మిగతా మృదులాస్థి వలయాలు వెనకవైపు తెరుచుకుని, అర్ధచంద్రాకారంలో ఉంటాయి. క్రికాయిడ్ మాత్రం ఉంగరంలా చుట్టూ మూసుకుని ఉంటుంది. ఉంగరం సాగదు. అందువల్ల దాని లోపలి పొర వాచినప్పుడు ఆ వాపు బయటికి పోవడానికి చోటు లేక దారిలోకే పెరుగుతుంది. పైగా పసిపిల్లల శ్వాసమార్గంలో బాగా ఇరుకైన చోట్లలో ఇదొకటి.

ఈ వాపును తెచ్చేది ఎక్కువగా పారాఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో క్రూప్ ఎక్కువగా కనిపిస్తుంది. మొదట ఒకటి రెండు రోజులు మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం ఉంటాయి. తర్వాత ఒక రాత్రి బిడ్డ నిద్రలోంచి లేచి కుక్కపిల్ల మొరిగినట్లు దగ్గుతుంది. వాపు స్వరతంత్రుల అడుగు భాగాన్ని కూడా తాకుతుంది కాబట్టి గొంతు బొంగురుపోతుంది, ఏడుపు కూడా బొంగురుగానే వస్తుంది. గట్టి ఉంగరం లోపలి ఇరుకులోంచి గాలి దూసుకుపోవడం వల్ల స్ట్రైడర్ గరుకుగా, పెద్దగా, హెచ్చు స్థాయిలో వినిపిస్తుంది. పక్క గదిలో ఉన్నవాళ్లకూ వినిపించవచ్చు.

ఇక్కడ మీరు ఆలోచించవలసింది క్రూప్‌లో చెడకుండా మిగిలినవాటి గురించి. వాపు స్వరతంత్రులకు కింద ఉంది. మింగే దారి పైన ఉంది. దానికేమీ కాలేదు. కాబట్టి క్రూప్ వచ్చిన బిడ్డ పాలు తాగగలదు, లాలాజలం మింగగలదు, పడుకోబెట్టినా సాధారణంగా ఓర్చుకుంటుంది. ఆయాసంలోనూ నీళ్లు గుటకలు వేసే బిడ్డ మీకు పెద్ద సమాచారమే ఇస్తోంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఈ దగ్గు వినగానే కోరింత దగ్గు అనుకోవడం మామూలే. కోరింత దగ్గులో ఊపిరి సలపకుండా దగ్గు తెరలు తెరలుగా వచ్చి, చివర ఒక్కసారి ‘హూప్’ మని గాలి లోపలికి లాగుతారు. తెరకూ తెరకూ మధ్య బిడ్డ బాగానే ఉంటుంది. క్రూప్‌లో దగ్గు విడివిడిగా, డొల్లగా మోగుతుంది.

4.3 స్వరతంత్రులకు పైన: ఎపిగ్లాటైటిస్

ఉపజిహ్విక మీది పొర, ముఖ్యంగా నాలుక వైపున్నది, వదులుగా అతుక్కుని ఉంటుంది. అక్కడ ఇన్‌ఫెక్షన్ వస్తే పొర కింద నీరు వేగంగా చేరుతుంది. తమలపాకులా పలచగా ఉండవలసిన రేకు పండిన రేగుపండులా ఎర్రగా, గుండ్రంగా ఉబ్బుతుంది. బరువెక్కి వెనక్కీ, కిందికీ ఒరుగుతుంది. దాని నుంచి వెనక్కి పోయే మడతలు కూడా వాస్తాయి.

దీనికి సాంప్రదాయికంగా ప్రధాన కారణం హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్-బి, క్లుప్తంగా హిబ్. పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా ఇది బాక్టీరియా. ఫ్లూ తెచ్చే వైరస్‌తో దీనికి సంబంధం లేదు. ఇది ఎక్కువగా రెండు నుంచి ఏడేళ్ల పిల్లల్లో కనిపించేది. బాక్టీరియా రక్తంలోకి కూడా చేరడం వల్ల జ్వరం తీవ్రంగా ఉంటుంది, బిడ్డ వడలిపోయి కనిపిస్తుంది. క్రూప్‌లో రోజుల లెక్క అయితే ఇక్కడ గంటల లెక్క. పొద్దున ఆడుకున్న బిడ్డ చీకటి పడేసరికి ఊపిరికి తంటాలు పడుతుంటుంది.

ఇప్పుడు వాపు ఉన్న చోటును మనసులో పెట్టుకుని మిగతా లక్షణాలను మీరే రాబట్టవచ్చు. మింగినప్పుడల్లా ఉపజిహ్విక కదలాలి. వాచినప్పుడు ఆ కదలిక భరించలేని నొప్పి. అందువల్ల బిడ్డ మింగడం మానేస్తుంది. లాలాజలం కూడా మింగదు కాబట్టి నోటి నుంచి చొల్లు కారుతుంది. స్వరతంత్రులు బాగానే ఉన్నాయి కాబట్టి గొంతు బొంగురుపోదు. కానీ వాటి పైనున్న గది మూసుకుపోవడం వల్ల స్వరం అణిగిపోయి, నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్లు వస్తుంది. మొరిగే దగ్గు సాధారణంగా ఉండదు. స్ట్రైడర్ ఉన్నా మెత్తగా, మంద్రంగా, తడి గురకలా ఉంటుంది. కంపిస్తున్నది గట్టి ఉంగరం లోపలి ఇరుకు కాదు, నీరు పట్టిన మెత్తని కణజాలం.

బిడ్డ కూర్చునే తీరు కూడా చోటును బట్టే వస్తుంది. పడుకుంటే ఆ బరువైన ఉపజిహ్విక స్వరపేటిక ద్వారం మీదికి ఒరుగుతుంది. అందుకే ఎవరూ చెప్పకుండానే బిడ్డ రెండు చేతులూ మంచానికి ఆనించి, ముందుకు వంగి, గడ్డం ముందుకు చాచి, నోరు తెరిచి కదలకుండా కూర్చుంటుంది. తన శ్వాసమార్గాన్ని తానే కాపాడుకుంటోందన్న మాట. ఆ భంగిమను మార్చే ఏ పనీ చేయకూడదు.

4.4 ఒకే రాత్రి, ఇద్దరు పిల్లలు

ఒక ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీని ఊహించుకోండి. (ఈ రెండూ బోధన కోసం కల్పించినవి.) రాత్రి ఒంటిగంటకు ఏడాదిన్నర బాబును తల్లి ఎత్తుకొచ్చింది. బాబు బరువు 10 కిలోలు.

“ఎప్పటి నుంచమ్మా?” అని స్టాఫ్ నర్సు అడిగింది.

“రెండు రోజులుగా జలుబు సిస్టర్. పడుకునేదాకా బాగానే ఉన్నాడు. ఇప్పుడు లేచి ఒకటే దగ్గు, కుక్క అరిచినట్టు.”

“పాలు తాగాడా?”

“తాగాడు సిస్టర్, దారిలో కూడా తాగాడు.”

నర్సు బాబును తల్లి ఒడిలోనే ఉంచి, చొక్కా పైకెత్తి ఛాతీ చూసింది. బాబు ఏడుపు మానాక కూడా ప్రతి శ్వాసకూ స్ట్రైడర్ వినిపిస్తోంది, డొక్కలు కొద్దిగా ఎగరేస్తున్నాడు. క్రూప్‌లో తీవ్రతను విడదీసే గీత ఇక్కడే ఉంది. ఏడ్చినప్పుడు మాత్రమే శబ్దం వస్తే అది తేలికపాటిది. ప్రశాంతంగా ఉన్నప్పుడూ వస్తే మధ్యస్థం, లేదా అంతకన్నా ఎక్కువ.

డాక్టరు డెక్సామెథసోన్ కిలోకు 0.6 మిల్లీగ్రాముల లెక్కన, అంటే 6 మిల్లీగ్రాములు, ఒక్కసారి నోటి ద్వారా ఇచ్చారు. కిలోకు 0.15 మిల్లీగ్రాముల వంటి తక్కువ మోతాదు వాడే చోట్లూ ఉన్నాయి. తేలికపాటి క్రూప్‌కు కూడా ఈ ఒక్క మోతాదు మేలు చేస్తుంది. అయితే ఈ మందు వాపును తగ్గించడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఈలోగా ఊపిరి సుళువు కావడానికి 1:1000 అడ్రినలిన్ ద్రావణాన్ని కిలోకు అర మిల్లీలీటరు చొప్పున, 5 మిల్లీలీటర్లు నెబ్యులైజర్‌తో ఇచ్చారు. మాస్కును తల్లే పట్టుకుంది. పావుగంటలో శబ్దం తగ్గింది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. బాగుందని వెంటనే ఇంటికి పంపేస్తారు. అడ్రినలిన్ రక్తనాళాలను కుదించి వాపును అణచిపెడుతుంది, కానీ ఆ ప్రభావం సుమారు రెండు గంటల్లో పోతుంది. అందుకే కనీసం రెండు నుంచి నాలుగు గంటలు ఆసుపత్రిలోనే ఉంచి చూడాలి. ఆలోపు స్టీరాయిడ్ పని అందుకుంటుంది.

ఈ బాబుకు యాంటీబయాటిక్ ఇవ్వలేదు, కారణం వైరస్ కాబట్టి. దగ్గు సిరప్ ఇవ్వలేదు, అది ఇక్కడ పనిచేయదు కాబట్టి. తల్లి ఆవిరి పట్టమంటారా అని అడిగితే వద్దన్నారు. ఆవిరి క్రూప్‌కు ఉపయోగపడుతుందని పరీక్షల్లో తేలలేదు. పసిపిల్లలు వేడినీళ్ల గిన్నె మీద పడి కాలడం మాత్రం వార్డుల్లో చూసే సంగతే.

తెల్లవారుజామున మరో కుటుంబం వచ్చింది. పాపకు నాలుగేళ్లు. తండ్రి ఇటుక బట్టీల పనికి ఊళ్లు మారుతుంటాడు. టీకా కార్డు అడిగితే లేదన్నాడు. “నిన్న మధ్యాహ్నం దాకా ఆడుకుంది సార్. సాయంత్రం నుంచి ఒళ్లు కాలిపోతోంది. నీళ్లు కూడా మింగట్లేదు” అన్నాడు. పాప తండ్రి ఒడిలో ముందుకు వంగి కూర్చుంది. గౌను ముందుభాగం చొల్లుతో తడిసింది. దగ్గు లేదు. పేరు అడిగితే అణిగిన గొంతుతో ఏదో అంది. ఊపిరి తీసినప్పుడు మెల్లగా గురక లాంటి శబ్దం. కొత్తగా చేరిన హౌస్‌సర్జన్ టార్చి తీసి, “నోరు తెరువమ్మా” అంటూ చెక్క పుల్ల చేతిలోకి తీసుకున్నారు. నర్సు అడ్డు వచ్చి, “డాక్టర్ గారూ, ఆగండి, గొంతు చూడొద్దు” అంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పాప వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 96 శాతం చూపింది. పడుకోబెట్టి మెడ ఎక్స్‌రే తీయించి, ఆ తర్వాత నిర్ణయించవచ్చా? చదవడం ఆపి ఒక నిమిషం ఆలోచించండి.

తీయించకూడదు. ఎక్స్‌రేలో వాచిన ఉపజిహ్విక బొటనవేలి ఆకారంలో కనిపిస్తుందనీ, క్రూప్‌లో స్వరతంత్రుల కింది భాగం గోపురంలా సన్నబడుతుందనీ పుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే. కానీ ఈ పాపను పడుకోబెట్టడం, తండ్రి నుంచి విడదీయడం, మందులూ మనుషులూ లేని ఎక్స్‌రే గదికి పంపడం మూడూ ప్రమాదమే. ఏడిస్తే, లేదా పుల్ల నాలుక మొదలును తాకితే, ఉబ్బిన ఉపజిహ్విక స్వరపేటిక ద్వారంలోకి లాగబడి సీసాకు బిరడా పెట్టినట్లు మూసేయవచ్చు. క్రూప్‌లో దారి క్రమంగా ఇరుకవుతుంది, ఇక్కడ ఒక్క క్షణంలో మూసుకుపోవచ్చు. ఇక 96 శాతం అన్న అంకె ఈ క్షణంలో రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుందే కానీ దారి ఎంత మిగిలి ఉందో చెప్పదు. శ్వాసమార్గంలో అడ్డు ఉన్న పిల్లల్లో ఆ అంకె చాలాసేపు బాగానే ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది.

మరి చేయవలసిందేమిటి? పాపను తండ్రి ఒడిలో అలాగే కూర్చోనిచ్చారు. ఆక్సిజన్ గొట్టాన్ని ముఖానికి కొంచెం దూరంగా పట్టుకోమని తండ్రికే ఇచ్చారు. సూది వేయలేదు, రక్తం తీయలేదు. మత్తు డాక్టరునూ, చెవి-ముక్కు-గొంతు శస్త్రవైద్యుణ్ణీ పిలిపించారు. వాళ్లు పాపను ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్లి, తన శ్వాస తాను తీసుకుంటూ ఉండగానే మత్తువాయువు ఇచ్చి, నిద్రలోకి జారాక గొంతు చూసి గొట్టం వేస్తారు. నాలుగేళ్ల బిడ్డకు కఫ్ లేని గొట్టమైతే మామూలుగా 5 మిల్లీమీటర్లది సరిపోతుంది. వాపు ఉంది కాబట్టి 4.5, 4 మిల్లీమీటర్లవి కూడా సిద్ధం చేస్తారు. గొట్టం పోకపోతే మెడలో రంధ్రం చేయడానికి పరికరాలు పక్కనే విప్పి ఉంటాయి. దారి భద్రమయ్యాకే రక్త పరీక్షలు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. సాధారణంగా రెండు మూడు రోజుల్లో వాపు తగ్గి గొట్టం తీసేస్తారు.

మత్తు డాక్టరు లేని చోట ఈ బిడ్డను పంపవలసి వస్తే, ముందు పెద్దాసుపత్రికి ఫోను చేసి, 108లో తల్లి లేదా తండ్రి ఒడిలో కూర్చోబెట్టి, అంబూ బ్యాగు, మాస్కు వాడగలిగిన మనిషిని తోడుగా పంపాలి. దారిలో శ్వాస ఆగితే ఆ బ్యాగుతో గట్టిగా ఆక్సిజన్ అందించడం చాలాసార్లు పనిచేస్తుంది. గొట్టం వేయడం రాకపోయినా ఇది వస్తే బిడ్డకు కొన్ని నిమిషాలు దొరుకుతాయి.

4.5 శబ్దం తగ్గింది: మంచికా, చెడుకా?

పైన ఇద్దరు పిల్లల్లో ఎక్కువ శబ్దం చేసింది బాబు, ఎక్కువ ప్రమాదంలో ఉన్నది పాప. విద్యార్థులు తరచూ ఇక్కడే తడబడతారు. శబ్దం పుట్టాలంటే ఇరుకు ఒక్కటే చాలదు, దానిలోంచి గాలి కూడా పోవాలి. దారి మరీ మూసుకుపోతే, లేదా బిడ్డ అలసిపోయి గట్టిగా పీల్చలేకపోతే, గాలి తగ్గి శబ్దమూ తగ్గుతుంది. కాబట్టి క్రూప్‌లోనైనా స్ట్రైడర్ తగ్గినప్పుడు వెంటనే బిడ్డను చూడండి. చురుగ్గా ఉండి, డొక్కలు ఎగరేయడం మాని, పాలు తాగుతుంటే అది మందు పనితనం. మగతగా, పాలిపోయి, స్టెతస్కోపుతో విన్నప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి చప్పుడు సరిగా లేకపోతే అది శ్వాస ఆగిపోబోయే ముందు వచ్చే నిశ్శబ్దం. పెదవులు నీలం రంగుకు తిరగడం ఇంకా తర్వాతి సంగతి. దాని కోసం ఎదురుచూడకూడదు.

4.6 టీకా తర్వాత

హిబ్ టీకా వాడుకలోకి వచ్చిన దేశాల్లో పిల్లల ఎపిగ్లాటైటిస్ బాగా తగ్గిపోయింది. మన దేశంలో ఈ టీకా పెంటావాలెంట్ రూపంలో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులలో మొదలై, తర్వాతి సంవత్సరాల్లో మిగతా రాష్ట్రాలకు విస్తరించింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ ఐదింటికీ కలిపి బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో ఇస్తారు. అందువల్ల శబ్దంతో ఊపిరి తీసే బిడ్డ వస్తే అది క్రూప్ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. అయితే ఇతర బాక్టీరియా వల్ల కూడా ఉపజిహ్విక వాచవచ్చు కాబట్టి, టీకా కార్డు నిండుగా ఉందని చొల్లు కారడాన్ని కొట్టిపారేయకూడదు.

ఈ రెండు పెట్టెల్లో ఇమడని పిల్లలూ వస్తారు. దగ్గూ జలుబూ లేకుండా, ఆడుకుంటూ ఒక్కసారిగా పొలమారి స్ట్రైడర్ మొదలైతే వేరుశనగ గింజో, సీతాఫలం గింజో ఇరుక్కుందేమో అడగాలి. మెడ వాచి, గొంతులో బూడిదరంగు పొర ఉంటే కంఠసర్పి. క్రూప్‌లా మొదలై, మొరిగే దగ్గుతోనే తీవ్ర జ్వరం వచ్చి, అడ్రినలిన్ ఇచ్చినా తగ్గని బిడ్డకు శ్వాసనాళం లోపల బాక్టీరియా చేరి చిక్కటి చీము పొర కట్టి ఉండవచ్చు. ఆ బిడ్డ మింగగలదు, చొల్లు కార్చదు, పడుకోగలదు. అయినా చికిత్స మాత్రం పాపకు చేసినట్లే, థియేటరులో గొట్టం, యాంటీబయాటిక్.